పేర్లు ఇంగ్లీషులో, పనులు తెలుగులో

పోయిన నెల ఒక చెల్లెమ్మ ఇలా రాసింది: "ఇక్కడ అమెరికాలో మా అత్తయ్యగారిని డాక్టరుకి చూపించాం. ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఇచ్చారు. ఆవిడ 'మూత్రపిండాల వడపోత సామర్థ్యం తగ్గింది' అంది. బయటికొచ్చాక అత్తయ్యగారు 'నా కిడ్నీలు బాగానే ఉన్నాయిగా?' అని అడిగారు!"

తప్పు ఎవరిదీ కాదు. మన పెద్దవాళ్లు ఊళ్లో ఉన్నప్పటి నుంచీ బీపీ, షుగర్, కిడ్నీ అనే అంటారు. మూత్రపిండం పాఠ్యపుస్తకంలో మాట.

ఈసారి మొదట్లోనే, డాక్టరు కూడా వినేలా, ఇలా అడగండి: "జబ్బులు, టెస్టులు, మందుల పేర్లు ఇంగ్లీషులోనే ఉంచండి. మిగతాదంతా వాడుక తెలుగులో చెప్పండి." ఇంటర్‌ప్రెటర్లకి ఇది కొత్త కాదు, ఒప్పుకుంటారు.

అయితే పేరు ఉంచినంత మాత్రాన అర్థం తెలీదు. ఇంటర్‌ప్రెటర్ తన సొంతంగా వివరించకూడదు, డాక్టరు అన్నదే చెప్పాలి. అందుకని "క్రియాటినిన్ అంటే ఏంటి?" అని డాక్టర్నే అడగండి. అప్పుడు జవాబు ఇలా రావాలి: "అమ్మా, క్రియాటినిన్ మీ కండరాల్లోంచి వచ్చే వ్యర్థం. కిడ్నీలు దాన్ని బయటికి పంపాలి. మీకది 1.2 ఉంది. మీ 65 ఏళ్ల వయసుతో లెక్కేస్తే eGFR 50 వచ్చింది. అంటే కిడ్నీలు వడకట్టడం కొంచెం తగ్గింది. మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం, అప్పుడూ 60 లోపే ఉంటే క్రానిక్ కిడ్నీ డిసీజ్ అంటాం." ఇక్కడ 'క్రానిక్' అంటే 'బాగా ముదిరింది' అని చాలామంది భయపడతారు. చాలాకాలంగా ఉన్నది అని మాత్రమే దానర్థం. ఆ ముక్క తెలుగులో చెప్పించుకోండి.

మందుల పేర్లు మాత్రం అసలు మార్చనివ్వకండి. 'నొప్పి మాత్ర వేసుకోవద్దు' అంటే ఏది? కిడ్నీలు తగ్గినవాళ్లకి వద్దనేది సాధారణంగా ఇబుప్రొఫెన్ లాంటివి. మనం ఇండియాలో పారాసెటమాల్ అనేది ఇక్కడ డబ్బా మీద acetaminophen అని ఉంటుంది. రెండూ ఒకటే మందు. ఇది తెలీక, ఇంటి నుంచి తెచ్చుకున్నదీ ఇక్కడ కొన్నదీ కలిపి వేసుకునేవాళ్లున్నారు. అలా డోసు రెట్టింపై లివర్‌కి ప్రమాదం.

దీనికి ఎదురు తిరిగే మాట ఒకటుంది: ఫాస్టింగ్. దాన్ని 'ఉపవాసం' అని తెలుగు చేస్తే మా అమ్మలాంటివాళ్లు పాలూ పళ్లూ తీసుకుని హాయిగా వెళ్తారు! ఇంగ్లీషులో ఉంచినా "కాఫీ తాగొచ్చేమో" అనుకుంటారు. షుగర్ టెస్టుకైతే "రాత్రి భోజనం అయ్యాక కనీసం ఎనిమిది గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు, కాఫీ కూడా వద్దు" అని పూర్తిగా చెప్పించండి. పొద్దున వేసుకునే మాత్రల సంగతి అప్పుడే అడిగేయండి.

ఫోన్ పెట్టేసేలోపు అత్తయ్యగారినే "ఏం చెయ్యమన్నారు?" అని తిరిగి చెప్పమనండి. తడబడిన చోటే మళ్లీ అడగాలి.