పక్కపక్కన కలిపితే పదహారు కాదు, మూడే

సంపాదకులకు,

నిరోధకాలను ఎలా కలిపినా మొత్తం నిరోధం వాటి కూడికే అన్నట్టుగా గత సంచికలోని వ్యాసం సాగింది. శ్రేణి సంధానం వరకే ఆ మాట నిజం.

12 వోల్టుల బ్యాటరీకి 4 ఓమ్‌లు, 12 ఓమ్‌ల నిరోధకాలను ఒకదాని వెనుక ఒకటి కలిపితే కరెంటుకు ఉన్నది ఒకటే దారి. రెండింటిలోనూ అదే 0.75 ఆంపియర్లు పోతుంది. మొదటిదాని కొసల మధ్య 3 వోల్టులు, రెండోదాని మధ్య 9 వోల్టులు. కరెంటు ఒకటే, కలిసేవి వోల్టులు. అందుకే నిరోధాలు కూడి 16 ఓమ్‌లవుతాయి. పాత సీరియల్ సెట్టులో ఒక్క బల్బు మాడితే దండంతా ఆరిపోయేదీ ఆ ఒకే దారి వల్లే.

అవే రెండింటినీ పక్కపక్కన, సమాంతరంగా కలిపితే కథ మారుతుంది. ఇప్పుడు రెండింటికీ పూర్తి 12 వోల్టులు అందుతాయి. ఒకదానిలో 3 ఆంపియర్లు, మరోదానిలో 1, మొత్తం 4. పన్నెండును నాలుగుతో భాగిస్తే వచ్చేది 3 ఓమ్‌లు. రెండో దారి తెరిచినందుకు కరెంటు పెరిగింది, నిరోధం తగ్గింది. ఇక్కడ కూడాల్సినవి విలోమాలు:

1/4 + 1/12 = 1/3

చాలామంది విద్యార్థులు ఇక్కడే ఆగి 1/3 ఓమ్ అని రాసేస్తారు, తిరగేయడం మరిచిపోతారు. పట్టుకోవడానికి రెండు గుర్తులున్నాయి. సమాంతర ఫలితం అన్నింటిలో చిన్న నిరోధం కన్నా తక్కువగానే ఉండాలి. 16 అక్కడే తేలిపోతుంది. రెండే నిరోధకాలుంటే, చిన్నదానిలో సగానికి తగ్గకూడదు. ఇక్కడ అది 2 ఓమ్‌లు, కాబట్టి 1/3 కూడా నిలవదు.

— ఒక పాఠకుడు