పుస్తక విలువ కంటే తక్కువకు దొరికితే చవకేనా?

షేరు ధర పుస్తక విలువ కంటే తక్కువగా ఉంటే అది చవకేనని మార్కెట్లో చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకం తప్పు, పైగా ఖరీదైన తప్పు. వాటాదారుల డబ్బు కంపెనీలో ఎంత ఉందో పుస్తక విలువ చెబుతుంది. ఆ డబ్బు ఎంత సంపాదిస్తోందో చెప్పదు. మిగులు ఆదాయ పద్ధతి మొదట చూసేది దాన్నే.

అంతే రిస్కున్న మరోచోట వచ్చే రాబడిని వదులుకుని వాటాదారు ఇక్కడ డబ్బు పెడతాడు. కంపెనీ లాభంలోంచి ఆ రాబడిని తీసేస్తే మిగిలేదే మిగులు ఆదాయం. రాబోయే ఏళ్ల మిగులును నేటి విలువకు తగ్గించి, నేటి పుస్తక విలువకు కలిపితే షేరు విలువ తేలుతుంది.

ఒక షేరు పుస్తక విలువ 200 రూపాయలు, ధర 160, ఏటా లాభం 16, మదుపరి కోరే రాబడి 12 శాతం అనుకుందాం. 200 మీద 12 శాతమంటే 24. వస్తున్నది 16 కాబట్టి ఏటా 8 రూపాయల లోటు. లాభమంతా డివిడెండుగా పంచేస్తూ పరిస్థితి ఎప్పటికీ ఇలాగే సాగితే, ఆ లోటుకు నేటి విలువ 8ని 0.12తో భాగించగా వచ్చే 67. అంటే షేరు విలువ 133 మాత్రమే. చవకని 160 పెట్టినవాడు 27 రూపాయలు ఎక్కువే ఇచ్చాడు.

లాభాలు పెరిగితే అంతా సర్దుకుంటుందనే వాదన ఇంకా బలహీనమైనది. సగం లాభాన్ని కంపెనీలోనే ఉంచి, దాని మీదా 200 మీద 16 వచ్చినట్టే 8 శాతం సంపాదిస్తే లాభం ఏటా 4 శాతం పెరుగుతుంది. లోటూ అంతే వేగంగా పెరుగుతుంది. అప్పుడు 12 శాతంలోంచి ఆ 4 శాతం తీసేసి, 8ని 0.08తో భాగించాలి. లోటు నేటి విలువ 100, షేరు విలువ 100. కోరిన రాబడి తేలేని చోట పెరుగుదల విలువను తినేస్తుంది.

అసలు ఆ 200 నిజమేనా అన్నదీ తేల్చుకోవాలి. 2015లో రిజర్వు బ్యాంకు ఆస్తుల నాణ్యత సమీక్ష మొదలుపెట్టాక, అనేక ప్రభుత్వ బ్యాంకులు మొండి బాకీలకు భారీ కేటాయింపులు చేసి నష్టాలు చూపాల్సి వచ్చింది. అంతకుముందు కాగితం మీద కనబడిన పుస్తక విలువలో కొంత అప్పటికే కరిగిపోయి ఉంది.

మిగులు ఆదాయ పద్ధతిలో ఫలితాన్ని ఎక్కువగా మార్చేది లోటు ఎంతకాలం ఉంటుందన్న అంచనా. పై ఉదాహరణలోనే కంపెనీ కోలుకుంటూ, ప్రతి ఏటి లోటు అంతకుముందు ఏడాది లోటులో 60 శాతానికి తగ్గుతూ పోతే, మొత్తం లోటు నేటి విలువ సుమారు 15. షేరు విలువ 185 అవుతుంది, 160 నిజంగానే చవక. కాబట్టి చూడాల్సింది పుస్తక విలువకూ ధరకూ ఉన్న తేడాను కాదు. పదేళ్లుగా ఈక్విటీ మీద రాబడి ఎటు కదిలింది, కంపెనీ నిలబెట్టుకున్న లాభం ఎంత సంపాదించింది, లాభనష్టాల ఖాతాను తాకకుండా నేరుగా రిజర్వుల్లోకి వెళ్లిన నష్టాలు ఏమైనా ఉన్నాయా అన్నది చూడాలి.