హార్స్‌పవర్ కాదు, రెండు గీతలు కలిసే చోటు చూపించండి

పంపు కొనడానికి వెళ్లిన రైతును కొట్టులో మొదట అడిగే మాట ఒకటే: ఎన్ని హెచ్‌పీ కావాలి? నీళ్లు ఎంత లోతులో ఉన్నాయి, ఎంత దూరం వెళ్లాలి, ఏ పైపులో వెళ్లాలి అని అడిగేవారు అరుదు. రాయితీ దరఖాస్తులోనూ హెచ్‌పీకే పెద్ద పీట. పొలానికి నీళ్లు చాలడం లేదంటే ఇంకా పెద్ద ఇంజను తీసుకోమంటారు. ఈ సలహా మన ప్రాంతంలో చాలాచోట్ల తప్పని మేము అంటున్నాం. ఎందుకు తప్పో లెక్కతోనే చూపిస్తాం.

ప్రకాశం బ్యారేజీ నుంచి బయలుదేరిన పశ్చిమ డెల్టా నీరు తెనాలి దాటి రేపల్లె, బాపట్ల వైపు వచ్చేసరికి కాలువల్లో మట్టం పడిపోతుంది. చివరి భూముల రైతు కాలువలోనో మురుగు కాలువలోనో ఇంజను దించి నీళ్లు తోడుకోవాల్సిందే. ఇక్కడ తోడే ఎత్తు తక్కువ, చాలాచోట్ల రెండు మూడు మీటర్లే. కానీ గట్టు నుంచి చేను దూరం. నూరు, నూటయాభై మీటర్లు గొట్టం పరవాలి. అంటే మన డీజిలును తాగేది ఎత్తు కాదు, గొట్టం. ఈ సంగతి హెచ్‌పీ అంకెలో కనిపించదు. పంపు గీతలో కనిపిస్తుంది.

ప్రతి పంపుకూ తయారీదారు దగ్గర ఒక గీత ఉంటుంది. అడ్డంగా సెకనుకు ఎన్ని లీటర్లు, నిలువుగా ఎన్ని మీటర్ల ఎత్తు. గీత ఎడమవైపు పైన మొదలై కుడివైపుకు కిందికి దిగుతుంది. దాని అర్థం తేలిక: పంపు మీద ఎంత బరువు పెడితే అంత తక్కువ నీళ్లు ఇస్తుంది. పంపు మీద అతికించే చీటీలో తరచుగా పెద్ద అక్షరాలతో వేసేది ఈ గీత రెండు కొసలను మాత్రమే. గరిష్ఠ ఎత్తు 20 మీటర్లు, గరిష్ఠ నీరు సెకనుకు 20 లీటర్లకు పైన అని రాస్తారు. రెండూ ఒకేసారి వస్తాయని రైతు అనుకుంటాడు. నిజానికి 20 మీటర్ల దగ్గర ఆ పంపు ఒక్క చుక్క కూడా పొయ్యదు. 20 లీటర్లు పోసే చోట నాలుగు మీటర్లకు మించి ఎత్తలేదు.

రెండో గీత మన పొలానిది. దీన్ని ఏ కంపెనీ ఇవ్వదు, మనమే గీసుకోవాలి. కాలువ నీటిమట్టం నుంచి గొట్టం కొస దాకా నిలువుగా ఎంత ఎత్తో కొలవాలి. అది నీళ్లు పారినా పారకపోయినా మారదు. దానికి గొట్టంలో రాపిడి కలపాలి. పైపు కంపెనీలు రాపిడి పట్టికలు ఇస్తాయి. మూడంగుళాల గొట్టంలో సెకనుకు 10 లీటర్లు పారితే ప్రతి నూరు మీటర్లకు సుమారు 7 మీటర్ల ఎత్తుకు సమానమైన బలం రాపిడికే పోతుంది. అదే నీరు నాలుగంగుళాల గొట్టంలో పారితే 2 మీటర్లు కూడా పోదు. పారే నీరు రెట్టింపైతే రాపిడి రెట్టింపు కాదు, మూడున్నర రెట్లు దాటుతుంది. అందుకే పొలం గీత ఎడమవైపు కింద మొదలై కుడివైపుకు పోయేకొద్దీ నిటారుగా లేస్తుంది.

ఈ రెండు గీతలు ఎక్కడ కోసుకుంటాయో అక్కడే పంపు పనిచేస్తుంది. చీటీ ఏం చెప్పినా, కొట్టువాడు ఏం చెప్పినా, ఇంజను మీద ఎన్ని హెచ్‌పీ రాసి ఉన్నా, నీళ్లు ఆ చోటనే తేలతాయి.

ఒక లెక్క వేద్దాం. 5 హెచ్‌పీ ఇంజను పంపు, తోడే ఎత్తు 3 మీటర్లు, గొట్టం 150 మీటర్లు. ఫుట్‌వాల్వు, వంపుల కోసం మరో 15 మీటర్ల గొట్టం ఉన్నట్టు లెక్కలో కలుపుకుందాం. పంపు గీత మీది అంకెలు, రెండు రకాల గొట్టాలకు పొలం అడిగే ఎత్తు ఇలా ఉంటాయి:

| సెకనుకు లీటర్లు | పంపు ఇచ్చే ఎత్తు (మీ.) | 3 అంగుళాల గొట్టం అడిగేది (మీ.) | 4 అంగుళాల గొట్టం అడిగేది (మీ.) |
|---|---|---|---|
| 0 | 20 | 3 | 3 |
| 5 | 19 | 6 | 4 |
| 10 | 16 | 15 | 6 |
| 15 | 11 | 28 | 9 |
| 20 | 4 | 46 | 13 |

మూడంగుళాల గొట్టం వరుస చూడండి. 10 లీటర్ల దగ్గర పంపు 16 ఇస్తుంది, పొలం 15 అడుగుతుంది. అంటే ఇంకా కాస్త నీరు ఎక్కువ పారుతుంది. 15 లీటర్ల దగ్గర పొలం అడిగే 28 మీటర్లు ఇవ్వడం పంపు వల్ల కాదు. గళ్ల కాగితం మీద గీస్తే రెండు గీతలు 10.3 లీటర్ల దగ్గర, 15.7 మీటర్ల ఎత్తులో కలుస్తాయి. ఆ 15.7 మీటర్లలో నీళ్లను నిజంగా పైకెత్తడానికి పట్టింది మూడే. మిగిలిన 12.7 మీటర్లు గొట్టం గోడలకు సమర్పించుకున్నాం. నీళ్లకు పెట్టిన బలంలో అయిదింట నాలుగు వంతులు రాపిడి పాలైంది.

గొట్టాన్ని మాత్రం నాలుగంగుళాలకు మార్చండి, పంపును ముట్టుకోవద్దు. గీతలు 16 లీటర్ల దగ్గర కలుస్తాయి. ఎకరం మడిలో రెండంగుళాల నీళ్లు నిలవాలంటే సుమారు రెండు లక్షల లీటర్లు కావాలి. మూడంగుళాల గొట్టంతో దానికి అయిదున్నర గంటలు పడుతుంది. నాలుగంగుళాలతో మూడున్నర గంటలు చాలు. రెండు చోట్లా ఇంజను మీద పడే భారం ఇంచుమించు ఒకటే కాబట్టి, గంటకు లీటరు డీజిలు అనుకుంటే తడికి ఎకరాకు రెండు లీటర్లు మిగులుతుంది. మూడెకరాలకు ఆరు తడులు పెట్టే రైతుకు 36 లీటర్లు. గొట్టం ధరలోని తేడాను దీనితో పోల్చి ఎవరి లెక్క వారు చూసుకోవచ్చు.

ఇప్పుడు పెద్ద ఇంజను సలహాను కూడా ఇదే కాగితం మీద పెడదాం. మూడంగుళాల గొట్టాన్ని అలాగే ఉంచి, అంతటా మరో 8 మీటర్లు ఎక్కువ ఇచ్చే ఏడున్నర హెచ్‌పీ పంపు బిగిస్తే గీతలు 12.7 లీటర్ల దగ్గర కలుస్తాయి. ఏడున్నర హెచ్‌పీతో 12.7, అయిదు హెచ్‌పీతో 16! పెద్ద ఇంజను కొన్నవాడికే నీళ్లు తక్కువ, డీజిలు ఖర్చు ఎక్కువ. దీన్ని సలహా అనాలా, సరుకు అమ్ముకోవడం అనాలా?

ఇంజను, గొట్టం కలిపి గంటల లెక్కన అద్దెకిచ్చే పద్ధతినీ ఇక్కడే ప్రశ్నించాలి. గొట్టం సన్నగా ఉంటే తడికి గంటలు పెరుగుతాయి, అద్దె పెరుగుతుంది. వెడల్పు గొట్టం కొనడానికి అద్దెకిచ్చేవారికి ఏ అవసరమూ ఉండదు. నష్టమంతా భరించేది ఎక్కువగా కౌలు రైతు. గంటకు కాకుండా ఎకరం తడికి ఇంత అని మాట్లాడుకుంటే వెడల్పు గొట్టం దానంతట అదే వస్తుంది.

అన్ని చోట్లా గొట్టం మారిస్తే సరిపోతుందని మేము అనడం లేదు. చేను కాలువ గట్టునే ఉండి గొట్టం పది మీటర్లే అయితే ఇదే పంపు గీత కుడి కొసకు జారిపోతుంది. అక్కడ నీళ్లు బాగానే పడుతున్నట్టు కనిపిస్తుంది కానీ పంపు సామర్థ్యం దిగజారుతుంది. పీల్చే గొట్టంలో నీటి వేగం మితిమీరి, పంపులో గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు వస్తుంది. కరెంటు మోటారైతే చాలా సెంట్రిఫ్యూగల్ పంపుల్లో ఆ కొసన ఆంపియర్లు పెరిగి కాయిల్ కాలుతుంది. మోటారు ఊరికే కాలిపోయిందని అనుకుంటాం. నిజానికి ఎక్కువ ఎత్తు కోసం చేసిన పంపును రెండు మీటర్ల ఎత్తుకు అంటగట్టారు. అలాంటి చోట తక్కువ ఎత్తుకు ఎక్కువ నీరు పోసే రకం పంపు కావాలి. గొట్టం వెడల్పు చేసిన కరెంటు మోటారు రైతు కూడా చీటీ మీద రాసిన ఆంపియర్లు దాటుతున్నాయేమో మీటరులో చూసుకోవాలి.

మన పంపు గీత మీద ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి 200 లీటర్ల డ్రమ్ము, ఒక ప్రెషర్ గేజి చాలు. గొట్టం కొసన డ్రమ్ము పెట్టి నిండే సమయం చూడండి. 19 సెకన్లు పడితే సుమారు పదిన్నర లీటర్లు, పన్నెండున్నర సెకన్లయితే 16 లీటర్లు. పంపు డెలివరీ దగ్గర గేజిలో ఒక కిలో చూపిస్తే 10 మీటర్లు. దానికి కాలువ నీటిమట్టం నుంచి గేజి దాకా ఉన్న ఎత్తు కలిపితే పంపు ఇస్తున్న మొత్తం ఎత్తు ఇంచుమించుగా తెలుస్తుంది. ఈ రెండు అంకెలను గీత మీద చుక్కగా పెట్టండి. నీళ్లు తక్కువై, గేజి ఎక్కువ చూపి, చుక్క గీత మీదే ఎడమవైపు పడితే పంపు తప్పు లేదు, గొట్టం సన్నదైనా కావాలి, ఎక్కడైనా మడత పడైనా ఉండాలి. నీళ్లూ తక్కువై గేజీ తక్కువ చూపితే చుక్క గీత కిందికి పడుతుంది. అప్పుడు తప్పు పంపు వైపు ఉంది: ఫుట్‌వాల్వుకు నాచు పట్టింది, సక్షన్ గొట్టం గాలి పీలుస్తోంది, ఇంపెల్లర్ అరిగింది, లేదా ఇంజను చీటీలో రాసిన వేగంతో తిరగడం లేదు. గేజి ధర ఎంతైనా, తెలియక మార్చిన పంపు ధర కంటే తక్కువే.

అందుకే మేము కోరుతున్నాం. అమ్మే ప్రతి పంపుతో పాటు దాని పూర్తి గీతను తెలుగులో ముద్రించి ఇవ్వాలి, కొసల అంకెలతో సరిపెట్టడం కుదరదు. రాయితీ మంజూరుకు ముందు తోడే ఎత్తు, గొట్టం పొడవు రాసుకుని రెండు గీతలు కలిసే చోటును దరఖాస్తు మీదే చూపాలి. రాయితీ పంపుకే కాదు, దానికి సరిపడే గొట్టానికీ ఇవ్వాలి. బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. మన మండలాల్లో అమ్ముడవుతున్న పంపులను అక్కడ పరీక్షించి, వచ్చిన గీతలను రైతు సేవా కేంద్రాల గోడల మీద అంటించాలి.

అప్పటిదాకా మన సభ్యులు ఒక్క నియమం పెట్టుకోవాలి. ఎన్ని హెచ్‌పీ అని కొట్టువాడు అడిగితే జవాబు చెప్పకండి. మూడు మీటర్ల ఎత్తు, నూటయాభై మీటర్ల దూరం, నాలుగంగుళాల గొట్టం, సెకనుకు పదహారు లీటర్లు కావాలి అని మన అంకెలు మనం చెప్పి, ఆ చోట ఈ పంపు గీత ఎక్కడుందో చూపించమనండి. చూపించలేకపోతే పక్క కొట్టుకు నడవండి.