స్పీడ్ టెస్ట్‌లో 90.. సినిమాకి మాత్రం బఫరింగ్!

స్పీడ్ టెస్ట్ పెడితే నెట్ దూసుకెళ్తుంది, సినిమా పెడితే చక్రం తిరుగుతూనే ఉంటుంది. ప్రొవైడర్ ఆ ఒక్క సర్వీసునే నెమ్మది చేస్తున్నాడా? నేనెలా చూస్తానో చెప్తా.

fast.com డేటాను నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచే తెచ్చుకుంటుంది. మొన్న రాత్రి 9 గంటలకు మా ఇంట్లో speedtest.net 90 ఎంబీపీఎస్ చూపిస్తే, ఇది 7 దగ్గరే ఆగింది. దగ్గర్లోని సర్వర్ ఎంచుకుని వీపీఎన్ ఆన్ చేశా. 45కి ఎగబాకింది! నిజానికి వీపీఎన్‌తో డేటా చుట్టూ తిరిగి వస్తుంది కాబట్టి స్పీడ్ కాస్త తగ్గాలి. పెరిగిందేంటి? వీపీఎన్‌లో అంతా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది. మనం ఏ సర్వీసు వాడుతున్నామో ప్రొవైడర్‌కి కనిపించదు. కనిపించనిదాన్ని విడిగా పట్టి నెమ్మది చేయలేడు.

ఇక్కడో మెలిక ఉంది. నెట్‌ఫ్లిక్స్‌కి వెళ్లే దారిలో రద్దీ ఉండి, వీపీఎన్ వేరే దారి పట్టినా ఇలాగే కనిపిస్తుంది. అందుకే తెల్లవారుజామున 5 గంటలకు మళ్లీ చూశా. రద్దీ లేని ఆ టైమ్‌లోనూ 8 దాటలేదు, వీపీఎన్‌తో 60 వచ్చింది. అనుమానం బలపడింది. అప్పుడు మామూలుగానే 80 వచ్చి ఉంటే, రాత్రి రద్దీయే అనుకునేవాణ్ని.

రెండు మూడు రోజులు ఇలా చూసి, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు దాచండి. ఫిర్యాదు చేసేటప్పుడు ‘నెట్ స్లో’ అనే మాట కంటే అవే గట్టిగా మాట్లాడతాయి.