‘ఆయ్తు’ అంటే కట్టేసినట్టేనా?

వసూళ్ల ఫోను సంభాషణను అక్షరాల్లో పెట్టిన కాగితం నా బల్ల మీదికి వస్తుంది. మేనేజరుగారికి దాని సారాంశం ఒకే భాషలో, ఒకే ముక్కలో కావాలి. కోరిక న్యాయమే. ఆ ముక్క కోసం మనిషి మాటను విరగ్గొట్టడమే అన్యాయం.

బళ్లారి వైపు మన రైతు మాట చూడండి. ఈ నెల కంతు కట్టమంటే ఆయన జవాబు: ‘ఆయ్తు సార్, హత్తి బిల్లు బందమేలె కడతాను.’

కన్నడంలో ‘ఆయ్తు’ అంటే ‘అయింది’ అనీ, ‘సరే’ అనీ. కాగితం మీద గొంతు వినబడదు గనుక ముందువెనకలు చూడాలి. వెనకే ‘కడతాను’ ఉంది కాబట్టి ఇది ‘సరే’. బాకీ అలాగే ఉండగా ‘కట్టేశాడు’ అని రాసేవాళ్లున్నారు. తెలుగు ముక్కొక్కటే ఏరుకుని ‘కడతానన్నాడు’ అని రాసేవారు ఇంకా ఘనులు. షరతంతా కన్నడంలోనే ఉంది కదా, పత్తి బిల్లు వచ్చాక అని! అది ఎగిరిపోతే, బిల్లు అందని రైతు మాట తప్పినవాడవుతాడు.

నేను రాసేది ఇది: ‘కట్టడానికి ఒప్పుకున్నారు. పత్తి బిల్లు వచ్చాక కడతారట. తేదీ చెప్పలేదు.’ కింద ఆయన మాట ఉన్నదున్నట్టు.

తేదీ లేకపోతే స్పష్టత లేదట! ఫోనులో ఎవరూ అడగని తేదీ నేనెక్కణ్ణుంచి తెచ్చేది? మళ్లీ ఫోను చేసి అడగమనండి.