చివరి ఇంటర్వ్యూ తర్వాత మౌనం

కల్లూరు నుండి ఒక సోదరి 2025 జూన్ రెండో వారంలో మాకు ఉత్తరం రాశారు. వారి అబ్బాయి బి.కాం. చదివి, కర్నూలులో ఒక ఆడిటరు వద్ద రెండేళ్లుగా లెక్కలు చూస్తున్నాడు. హైదరాబాదులోని ఒక కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగానికి మూడు దశల ఇంటర్వ్యూ జరిగింది. చివరి దశ బక్రీదుకు రెండు రోజుల ముందు, అనగా జూన్ 5వ తేదీ గురువారం. "వారంలో చెబుతాం" అన్న హెచ్.ఆర్. అధికారిణి నుండి ఆ పైన ఉలుకూ పలుకూ లేదు. వాట్సాప్‌లో నీలి టిక్కులు కనిపిస్తున్నాయి, జవాబు మాత్రం రాదు. హైదరాబాదులో ఉన్న మామూ తానే ఆఫీసుకు వెళ్లి అడుగుతానంటున్నారు. వెళ్లనివ్వవచ్చునా అన్నది ఆ తల్లి ప్రశ్న.

వెళ్లనివ్వకండి అని వెంటనే తెలియజేశాము. ఉద్యోగం అడిగినవాడు అబ్బాయి. అతని తరఫున పెద్దలు గేటు వద్ద నిలబడితే, తన పని తాను చూసుకోలేడన్న అభిప్రాయమే అక్కడ మిగులుతుంది. అయితే ఊరకే కూర్చోమని కూడా మేము చెప్పలేదు. అబ్బాయితో ఫోనులో మాట్లాడి, ఉత్తరాల వరుస ఒకటి నిర్ణయించాము.

వారంలో చెబుతామన్న మాటకు గడువు జూన్ 12. ఆ మరునాడే అడగడం తొందరపాటు అవుతుంది. రెండు పనిదినాలు వదిలి, 16వ తేదీ సోమవారం ఉదయం మొదటి ఉత్తరం వెళ్లింది. కొత్త మెయిలు ప్రారంభించక, ఇంటర్వ్యూకు పిలిచిన పాత మెయిలుకే జవాబుగా పంపించాము. రోజూ వందలాది దరఖాస్తులు చూసేవారికి పేరు ఒక్కటే గుర్తుకు రాదు. కింద పాత సంభాషణ ఉంటే వెతికే పని తప్పుతుంది. ఉన్నది మూడు వాక్యాలే: 5వ తేదీన సమయమిచ్చినందుకు కృతజ్ఞత, ఉద్యోగంపై ఆసక్తి అలాగే ఉన్నదని, నిర్ణయం ఎప్పటికి తెలియవచ్చునని. "ఎంపికయ్యానా లేదా" అని అడగలేదు. ఆ ప్రశ్నకు జవాబివ్వగల అధికారం ఆమెకు ఆనాటికి లేకపోవచ్చు. తేదీ చెప్పడం సులువు.

జవాబు రాలేదు. 24వ తేదీన రెండవ ఉత్తరంలో ఒక కొత్త సమాచారం చేర్చాము: ప్రస్తుత పనిలో 15 రోజుల నోటీసు చాలునని, జూలై నడుమ చేరగలనని. తర్వాతి ఉత్తరం ముందుదాని కంటే గట్టిగా ఉండాలంటే స్వరం పెంచనక్కరలేదు, విషయం పెరగాలి. "ఇదివరకే రాశాను, మీరు స్పందించలేదు" అన్న వాక్యాన్ని అబ్బాయి రాయగా మేమే కొట్టివేయించాము. అది వారికి తెలిసిన సంగతే. రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం మూడు గంటలకు ఒక్కసారి ఫోను చేశాడు, ఎత్తలేదు. మిస్డ్ కాల్ మీద మిస్డ్ కాల్ ఇచ్చే మన అలవాటు ఇక్కడ బెడిసికొడుతుంది.

అదే వారంలో కర్నూలులోని ఒక విత్తనాల సంస్థ నుండి అతనికి ఆఫర్ వచ్చింది. జూలై 4లోగా సమ్మతి తెలపాలి. జూన్ 30న వెళ్లిన మూడవ ఉత్తరంలో ఈ తేదీని స్పష్టంగా రాసి, ఇంటర్వ్యూ చేసిన అకౌంట్స్ మేనేజరుకు కూడా ప్రతి పంపించాము. హెచ్.ఆర్. అధికారిణి సెలవులో ఉండవచ్చు, వేరే చోటికి మారి ఉండవచ్చు. రెండుసార్లు అడిగిన తర్వాత మరొకరికి తెలియజేయడం ఫిర్యాదు కాదు. మొదటి ఉత్తరంలోనే ఆ పని చేసి ఉంటే ఫిర్యాదే అయ్యేది. లేని ఆఫర్‌ను ఉన్నట్లు రాసేవారు కొందరున్నారు. అది అబద్ధం కావడం ఒక సంగతి. "అలాగైతే అక్కడే చేరండి" అని వారంటే చేతిలో ఏదీ మిగలదు.

జూలై 2న మేనేజరే ఫోను చేశారు. వారు మొదట ఎంచుకున్నది వేరొకరిని. అతనికి పాత కంపెనీలో 90 రోజుల నోటీసు ఉన్నది, నిజంగా వచ్చి చేరతాడో లేదో సెప్టెంబరుకు గాని తేలదు. మన అబ్బాయి రెండవ స్థానంలో ఉన్నాడు. ఇటువంటి మౌనం వెనుక చాలాసార్లు ఇదే కారణం ఉంటుంది: కాదంటే రెండవవాడు చేజారుతాడు, అవునని చెప్పడానికి ఖాళీ లేదు. జీతం స్లిప్పులు, ఆధార్ ప్రతులు, చేరే తేదీ అడుగుతూ ఉంటే ఆశ ఉన్నట్లే. ఇతనిని వారు ఏదీ అడగలేదు. ఆ ఒక్క గుర్తు మాకు 24వ తేదీకే అనుమానం కలిగించింది.

జూలై 3న విత్తనాల సంస్థకు సమ్మతి తెలిపి, హైదరాబాదుకు నాలుగవ ఉత్తరం రాశాడు: వేరే చోట చేరుతున్నానని, దరఖాస్తును ముగించమని, నిజం చెప్పినందుకు మేనేజరుకు ధన్యవాదాలని. దానికి హెచ్.ఆర్. అధికారిణి అరగంటలో జవాబిచ్చారు.