పైన ఉండాల్సిన స్కిల్ ఏది?
లింక్డ్‌ఇన్‌లో ఎక్కువ ఎండార్స్‌మెంట్లు వచ్చిన స్కిల్‌నే పైన పెట్టుకోవడం ఉద్యోగం మారేవాళ్లకు చేటు చేస్తుంది. టెస్టింగ్‌లో పనిచేస్తూ డేటా అనలిస్ట్ ఉద్యోగం వెతుక్కుంటున్న అమ్మాయినే తీసుకోండి. మాన్యువల్ టెస్టింగ్‌కు 40 ఎండార్స్‌మెంట్లు, ఎస్‌క్యూఎల్‌కు 3. ప్రొఫైల్‌లో ముందుగా కంటపడేవి పై రెండు మూడు స్కిల్సే కాబట్టి, రిక్రూటర్ ఆమెను టెస్టర్‌గానే లెక్కేస్తారు. అందుకే ఆమె తాను కోరుకునే ఉద్యోగాల ప్రకటనలు ఓ పది ముందేసుకుని, వాటిలో పదేపదే అడుగుతున్నవేమిటో చూడాలి. ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ, ఎక్సెల్ అని తేలితే, వాటిలో తనకు నిజంగా వచ్చినవాటిని ఆ వరుసలోనే పైకి జరపాలి. టెస్టింగ్‌ను తీసేయనక్కర్లేదు, తీసేస్తే దానికొచ్చిన ఎండార్స్‌మెంట్లూ పోతాయి, కిందికి దించితే చాలు. ఇక ఎండార్స్‌మెంట్ కనబడ్డవాళ్లందరినీ అడగకూడదు. డిఫెక్ట్ రిపోర్టుల కోసం ఆమె రాసిన క్వెరీలను రోజూ వాడుకున్న టీమ్ లీడ్ ఉంటారు కదా, ఆయన్ను “సార్, నా ఎస్‌క్యూఎల్ పని మీరు చూశారు, దానికి ఎండార్స్ చేస్తారా?” అని సూటిగా అడగాలి. ఎండార్స్‌మెంట్ ఒక్క క్లిక్కుతో వచ్చేదే. పని తెలిసినవాళ్లు ఇస్తేనే దానికి బరువు. మీ ప్రొఫైల్‌లో మొదటి మూడు స్కిల్స్ మీరు వెళ్లాలనుకుంటున్న ఉద్యోగానివా, వదిలేస్తున్న ఉద్యోగానివా? ఇవాళే చూసుకోండి.